బహుమతి మొక్క మూడో నెలలో పసుపెక్కితే: ముందు కుండీ ఎత్తి చూడండి

గృహప్రవేశానికో, పదవీ విరమణకో ఒక జెడ్‌జెడ్ మొక్క గానీ స్నేక్ ప్లాంట్ గానీ ఇస్తారు. ‘దీనికి పెద్దగా ఏమీ చేయనక్కర్లేదు’ అని చెప్పి మరీ ఇస్తారు. మూడో నెలలో అటునుంచి ఫోటో వస్తుంది: ఒక కాడ మొత్తం పసుపెక్కి పక్కకు వాలిపోయి ఉంటుంది. అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే, ఏ ఎరువు వేయాలి అని. దయచేసి ఏ ఎరువూ వేయకండి. కుళ్లుతున్న వేళ్ల మీద ఎరువు పడితే మిగిలిన వేళ్లు కూడా పోతాయి. ముందు కుండీని రెండు చేతులతో ఎత్తండి.

ఎత్తమని ఎందుకంటున్నానంటే, బహుమతికి ఇచ్చే మొక్క సాధారణంగా రెండు కుండీల్లో ఉంటుంది. లోపల రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీ, బయట అందానికి పింగాణీ కుండీ. బయటిదానికి రంధ్రం ఉండదు. పోసిన నీరు లోపలి కుండీలోంచి దిగి పింగాణీ అడుగున నిలిచిపోతుంది, పైనుంచి ఎవరికీ కనిపించదు. లోపలి కుండీని బయటకు తీసి అడుగున నీరుందేమో చూడడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం పని చేయకుండా మందుల దుకాణానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. నీరుంటే పారబోయండి. ఇక ముందు నీళ్లు పోసేటప్పుడు లోపలి కుండీని బయటకు తీసి పోసి, పూర్తిగా ఓడ్చాకే మళ్లీ లోపల పెట్టండి. రంధ్రం లేని కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అలా చేస్తే నీరు రాళ్ల మధ్య చేరుతుంది, దాని పైనున్న మట్టి మాత్రం తడిగానే ఉంటుంది. మొక్కకు ఒరిగేదేమీ లేదు.

కుండీకి రంధ్రం ఉంది, అడుగున నీరు లేదు, అయినా కాడ మెత్తబడుతోంది

నన్ను చాలాకాలం తిప్పలు పెట్టింది ఇదే. పై మట్టి వేలితో తాకితే పొడిగా ఉంటుంది. ఇంటివాళ్లు వారానికోసారే పోస్తున్నామంటారు, అది నిజమే. అయినా కాడ మొదలు దగ్గర నొక్కితే మెత్తగా దిగిపోతుంది, కొంచెం లాగితే చేతికి ఊడి వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన.

కారణం కుండీ నడుమ ఉంటుంది. మన కడియం, కడియపులంక వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగట మట్టిలో పెరిగినవి. లారీల్లో దూరాలు వెళ్లేటప్పుడు వేళ్ల చుట్టూ ఆ మట్టి గట్టిగా పట్టుకుని ఉండడం వాళ్లకు అవసరం, తప్పేమీ లేదు. చిక్కు తర్వాత వస్తుంది. బహుమతి కోసం అందమైన కుండీలోకి మార్చేవారు ఆ నల్ల సంచిని చించి, మట్టి ముద్దను అలాగే దింపి, చుట్టూ పైనా కొబ్బరి పొట్టు నింపేస్తారు. ఇప్పుడు ఒకే కుండీలో రెండు రకాల నేల ఉన్నట్టే. పైనున్న కొబ్బరి పొట్టు రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. లోపలి బంకమట్టి వారాల తరబడి ఆరదు. అందులోనూ ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన డెల్టా గాలిలో ఉండే చెమ్మకు, కిటికీకి దూరంగా ఉన్న కుండీ ఆరడమే గగనం. పైన పొడిగా కనిపించిన ప్రతిసారీ నీళ్లు పోస్తుంటే, వేళ్లన్నీ ఉన్న ఆ ముద్దకు గాలి అందే రోజే రాదు.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలేమీ కొననక్కర్లేదు. చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె తీయండి. కాడకు రెండు వేళ్ల దూరంలో, అడుగు తగిలేదాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి తీయండి. ఈనె పైభాగం శుభ్రంగా ఉండి, నడుమ నుంచి కిందకు నల్లగా తడిసి మట్టి అంటుకుని వస్తే దొంగ దొరికినట్టే. నడిమి ముద్దలోకి ఈనె దిగకుండా వంగిపోతే అది మరో రకం: ముద్ద ఎండి గట్టిపడింది, పోసిన నీరు పక్కల నుంచి జారిపోతోంది. అప్పుడు ఆకులు పసుపెక్కడానికి ముందే ముడతలు పడతాయి. రెండింటికీ మందు ఒకటే, ఆ ముద్దను విడదీయడం.

భీమవరంలో తెలిసినవారి ఇంట్లో జరిగింది చెబుతాను. జెడ్‌జెడ్ మొక్క, హాల్లో టీవీ పక్కన, కిటికీకి బాగా దూరంగా ఉంది. ఐదు కాడల్లో రెండు పసుపెక్కాయి. అడుగున నీరు లేదు, పైన పొడి. ఈనె గుచ్చితే సగం నుంచి బంకమట్టి అంటుకుని వచ్చింది. మొక్కను కుండీలోంచి తీసి, వేళ్ల ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాం. జిగట మట్టిని పొడిగా ఉండగా పీకితే వేళ్లు తెగుతాయి, నానాక వేళ్లతో మెల్లగా నలిపితే దానంతట అదే కరుగుతుంది. మట్టి పోయాక జెడ్‌జెడ్ అసలు రూపం కనిపిస్తుంది: బంగాళాదుంపల్లాంటి దుంపలు, వాటికి లావుపాటి తెల్లటి వేళ్లు. గట్టిగా ఉన్న దుంపల్ని ఉంచి, నొక్కితే నీరు కారేవాటిని పదునైన కత్తితో కోసి పారేశాం. కోసిన చోట ఆరేలా రెండు రోజులు నీడలో కాగితం మీద ఉంచాం.

కొత్త మట్టికి తోటమట్టి, ముతక ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, శనగగింజంత ఇటుక ముక్కలు రెండు గుప్పిళ్లు వేశాం. కొబ్బరి పొట్టును ఉప్పు పోయేలా ముందే రెండుసార్లు కడగాలి. కుండీ మామూలు మట్టిది, వేళ్లకూ అంచుకూ మధ్య రెండు వేళ్లు మాత్రమే ఖాళీ ఉండేంత. పెద్ద కుండీ ఇస్తే మొక్క పెద్దదవుతుందనుకోవడం ఇక్కడ ప్రమాదం. వేళ్లు లేని మట్టిలో తడి అలాగే నిలుస్తుంది. నాటిన వారం దాకా చుక్క నీరు పోయలేదు. కొత్త మొలక రావడానికి నెలలు పట్టింది, జెడ్‌జెడ్ స్వభావమే అంత. ఆ నెలల్లో మిగిలిన మూడు కాడలు పచ్చగా నిలబడి ఉండడమే మొక్క బతికిందనడానికి గుర్తు.

ఇచ్చేవారు ఈ పనిని ముందే చేయవచ్చు. మొక్కను రెండు మూడు వారాల ముందే కొని, ముద్ద విడదీసి నాటి, కుదురుకున్నాక ఇవ్వండి. కుండీతో పాటు ఒక ఈనె పుల్లను కూడా కట్టి ఇవ్వండి.

మట్టి బాగుంది, నాటడం బాగుంది, అయినా మళ్లీ కుళ్లింది

అయితే నీళ్లు పోసే చెయ్యి ఎవరిదో కనుక్కోండి. మనలో చాలా ఇళ్లలో ఉదయం తులసికోటకు నీళ్లు పోశాక చెంబులో మిగిలినవి పక్కనున్న మొక్కకు పోస్తారు. పెద్దవారు అది ప్రేమతో చేస్తారు, వద్దన్నా మానలేరు. పిల్లలు సాయంత్రం ఇంకో గ్లాసు పోస్తారు. ఎవరినడిగినా ‘నేను కొంచెమే పోశాను’ అంటారు. అలాంటి ఇంటికి జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ ఇవ్వడమే పొరపాటు. నీళ్లు పోయనివారికి, ఊళ్లు తిరిగేవారికి అవి సరిపోతాయి. రోజూ పోసే చేతికి, గాజు సీసాలో నీళ్లలోనే బతికే మనీ ప్లాంట్ గానీ స్పైడర్ ప్లాంట్ పిలక గానీ ఇవ్వండి. వారానికోసారి ఆ నీళ్లు మార్చడం కూడా వారికి ఇష్టమైన పనే అవుతుంది.

కాడలు సన్నగా సాగి, ఒకవైపుకు వాలుతున్నాయి

వెలుతురు చాలడం లేదు. మధ్యాహ్నం మొక్క పెట్టే చోట తెల్ల కాగితం పరిచి, దాని మీద జానెడు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే అరెకా పామ్ దాకా ఏదైనా బతుకుతుంది. నీడ మసకగా ఉంటే జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా పెట్టకండి, ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకోమనండి. నీడలో బతికే మొక్క అంటే వెలుతురు అక్కర్లేని మొక్క అని కాదు. వెలుతురు తగ్గినకొద్దీ మొక్క తాగే నీరు కూడా తగ్గుతుంది. కాబట్టి చీకటి మూలలో కుళ్లు ఇంకా తొందరగా వస్తుంది. భీమవరం మొక్కను కూడా తిరిగి టీవీ పక్కన పెట్టలేదు, కిటికీకి మూడడుగుల లోపలికి మార్చాం.

పిల్లి ఆకు కొరికి చొంగ కారుస్తోంది

కంద కోసినప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో అందుకే. జెడ్‌జెడ్, మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, అగ్లోనిమా, సింగోనియం, డిఫెన్‌బాకియా అన్నీ కంద, చేమల కుటుంబానివే. వాటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నోట్లో గుచ్చుకుంటాయి. నోటిని మంచినీళ్లతో కడిగి, కొంచెం నీళ్లు తాగనివ్వండి. బలవంతంగా వాంతి చేయించకండి. నోరు వాచినా, వాంతులు ఆగకపోయినా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. స్నేక్ ప్లాంట్ కుటుంబం వేరు, కానీ దాన్ని నమిలినా వాంతులు, విరేచనాలు అవుతాయి.

పిల్లి గానీ కుక్క గానీ ఉన్న ఇంటికి స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, పెపెరోమియా, హవోర్థియా ఇవ్వండి. సన్నటి ఆకులంటే పిల్లులకు ఇష్టం కాబట్టి స్పైడర్ ప్లాంట్‌ను వేలాడదీస్తే మేలు. రెండింటి విషయంలో మాత్రం రాజీ వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో నిజమైన లిల్లీ పువ్వుల గుత్తి ఉండకూడదు, ఒంటికంటిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు పోతాయి. కుక్క ఉన్న ఇంట్లో సైకస్ ఉండకూడదు, దాని గింజలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఇవి తిన్నాయని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మిగతావి

స్పైడర్ ప్లాంట్ ఆకుల కొనలు మాత్రమే గోధుమ రంగుకు మారితే, ముఖ్యంగా సముద్రం వైపు ఊళ్లలో, బోరు నీటిలోని ఉప్పును అనుమానించండి. వాన నీళ్లు పట్టి పోయండి. కాడల సందుల్లో దూదిలాంటి తెల్లటి మచ్చలు కనిపిస్తే పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. కింది ఆకు ఒక్కటి ఎప్పుడో పసుపెక్కి రాలితే అది వయసు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.