జీతాలు ఆలస్యమని గ్రూపులో చెప్పే ముందు జాగ్రత్తలు

• జీతం రోజుకు కనీసం 2 రోజుల ముందే చెప్పండి. 1వ తేదీ సాయంత్రం దాకా ఆగితే, అప్పటికే అందరూ బ్యాంకు మెసేజ్ కోసం చూసి చూసి "నీకు పడిందా?" అని ఒకరినొకరు అడిగేసుకుని ఉంటారు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

• తేదీ రాసే ముందు, డబ్బు ఇవ్వాల్సిన కస్టమర్‌తో అదే రోజు మాట్లాడండి. 8న ఇస్తానంటే గ్రూపులో 10 అని రాయండి. చెప్పిన తేదీ కూడా తప్పితే ఆ తర్వాతి మాట ఎవరూ నమ్మరు. కస్టమర్ పేరు మాత్రం వద్దు.

• చేతిలో ఉన్నది లెక్కేసి, 1న సగమైనా వేయగలరేమో చూడండి.

• "చిన్న సమస్య", "త్వరలో" అనే మాటలు తీసేయండి. ఎంత, ఎప్పుడు అన్నది లేకపోతేనే మనిషి భయపడతాడు. ఇలా రాయొచ్చు:

"మనకు రావాల్సిన పెద్ద బిల్లు ఆలస్యమైంది. 1న సగం జీతం, 10న మిగతాది వేస్తాను. 8న సాయంత్రం పరిస్థితి ఇక్కడే చెప్తాను. అద్దె, మందులు, ఫీజులు లాంటివి ఆగేలా ఉంటే నాకు విడిగా ఫోన్ చేయండి. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి."

• రాత్రి పూట పంపకండి. పంపాక గంటసేపు ఫోన్ దగ్గరే ఉండండి.