ఓడ దిగే ముందే సీ టైమ్ కాగితం చేతికి తీసుకోండి

2024లో ప్రపంచవ్యాప్తంగా 312 ఓడలను యజమానులు గాలికి వదిలేశారని, వాటిలో 3,000 మందికి పైగా నావికులు చిక్కుకుపోయారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్ లెక్క చెప్పింది. వాళ్లలో అందరికంటే ఎక్కువమంది మనదేశం వాళ్లే. ఇలాంటి వార్త వచ్చినప్పుడు రావాల్సిన జీతాల గురించి, ఇంటికి రప్పించడం గురించి అందరూ మాట్లాడతారు. ఇంకో నష్టం ఇంటికి చేరి, పై పరీక్షకు అప్లై చేసేదాకా బయటపడదు. ఆ ఓడ మీద చేసిన నెలలకు సంతకం పెట్టాల్సిన కంపెనీ అప్పటికే ఉండదు. ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. చేసిన నౌకరీ నిజమే, కానీ చూపించడానికి కాగితం ఉండదు.

ఈ వృత్తిలో కుర్రాళ్లను నేను చూసినంతలో ముంచింది ఒకే ఒక్క తప్పు: "టెస్టిమోనియల్ తర్వాత ఆఫీసు నుంచి తెప్పించుకుందాంలే" అనుకుని ఓడ దిగిపోవడం. ఓడ మీద ఏ ర్యాంకులో ఎన్నాళ్లు చేశారో కెప్టెన్ సంతకంతో ఇచ్చే కాగితమే టెస్టిమోనియల్. నౌకరీ వివరాలు నమోదయ్యే సీడీసీ పుస్తకం జాగ్రత్త, పాస్‌పోర్టు జాగ్రత్త, మెడికల్ గడువు చూసుకోండి అని మీకు అందరూ చెప్పే ఉంటారు. అవి వదిలేసి ఈ ఒక్కదాని గురించే చెబుతాను.

ముందు లెక్క ఎలా ఉంటుందో చూడండి. నావికుల శిక్షణకు, సర్టిఫికెట్లకు ప్రపంచమంతా పాటించే ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ. 1978లో వచ్చింది, 2010లో మనీలాలో పెద్ద సవరణలు జరిగాయి. దాని ప్రకారం పెద్ద ఓడల్లో చీఫ్ మేట్ సర్టిఫికెట్‌కు వంతుల వారీగా ఓడ నడకను చూసే వాచ్ ఆఫీసర్ హోదాలో కనీసం 12 నెలల సీ టైమ్, అంటే సముద్ర సర్వీసు, ఉండాలి. ఇంజిన్ వైపు సెకండ్ ఇంజనీర్‌కు కూడా 12 నెలలే. ఇవి కనీసాలు మాత్రమే. సర్టిఫికెట్ ఇచ్చే దేశం తన నిబంధనల్లో ఇంతకంటే ఎక్కువ అడగొచ్చు, కాబట్టి మీ మార్గానికి ఎంత కావాలో మన దేశంలో నౌకాయానాన్ని నియంత్రించే డీజీ షిప్పింగ్ నిబంధనల్లో చూసుకోండి. ఇక్కడ ముఖ్యమైన మాట "హోదాలో" అన్నది. ఓడ మీద ఉన్న ప్రతి రోజూ లెక్కకు రాదు. ఆ సర్టిఫికెట్ చేతిలో ఉండి, ఆ బాధ్యతలో వాచ్ చేసిన రోజులే వస్తాయి.

శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకరి సంగతి చెబుతాను. వాచ్ ఆఫీసర్ కావడానికి కావాల్సిన సెకండ్ మేట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. చాలామందికి జరిగినట్టే అతనికీ థర్డ్ ఆఫీసర్‌గా కాక జూనియర్ ఆఫీసర్‌గా మొదటి ఓడ దొరికింది. 2 నెలలు గడిచాక థర్డ్ ఆఫీసర్ దిగిపోయాడు, కెప్టెన్ ఇతన్ని ఆ స్థానంలో పెట్టాడు. మిగతా 5 నెలలు 8 నుంచి 12 వాచ్ ఒక్కడే నడిపాడు. మొత్తం 7 నెలలకు దిగాడు. అయితే సీడీసీలో ఒక్కటే వరుస ఉంది: జూనియర్ ఆఫీసర్, ఎక్కిన తేదీ, దిగిన తేదీ. ప్రమోషన్ ఇచ్చిన రోజున పాత ర్యాంకు ముగించి, కొత్త ర్యాంకు మొదలుపెడుతూ రెండో వరుస రాయించుకోలేదు. టెస్టిమోనియల్ అడిగితే "ఆఫీసు మెయిల్ చేస్తుంది" అన్నారు, సరే అని దిగిపోయాడు.

రెండో ఓడ మీద థర్డ్ ఆఫీసర్‌గా 7 నెలల 10 రోజులు చేశాడు. తన లెక్క 5 నెలలు, దానికి 7 నెలల 10 రోజులు కలిపితే 12 నెలల 10 రోజులు. సరిపోయిందనుకుని సెలవు పెట్టుకుని, కోర్సుకు ఫీజు కట్టి అప్లై చేశాడు. అర్హత చూసేవాళ్లు మొదటి ఓడలో థర్డ్ ఆఫీసర్‌గా చేసినట్టు ఆధారం అడిగారు. ఈలోపు ఆ మేనింగ్ ఏజెన్సీ మూతపడింది. ఓడ అమ్ముడై పేరు, జెండా రెండూ మారిపోయాయి. కెప్టెన్ వేరే దేశస్థుడు, అతని వ్యక్తిగత మెయిల్ ఐడీ ఎవరి దగ్గరా లేదు. చేతిలో మిగిలింది 7 నెలల 10 రోజులు, తగ్గింది 4 నెలల 20 రోజులు. అంత చిన్న కాంట్రాక్టు ఎవరూ ఇవ్వరు. మళ్లీ పూర్తి కాంట్రాక్టుకు ఎక్కాడు. కట్టిన కోర్సు ఫీజు పోయింది, అతని బ్యాచ్ వాళ్లు ఒక ర్యాంకు ముందుకు వెళ్లిపోయారు.

ప్రమోషన్ ఇచ్చిన రోజు సాయంత్రమే సీడీసీ పట్టుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్లి ఉంటే, పది నిమిషాల పని.

టెస్టిమోనియల్‌లో ఏముండాలో గుర్తుపెట్టుకోండి. మీ పేరు, నావికుడిగా మీ గుర్తింపు సంఖ్య అయిన ఇండోస్ నంబరు, సీడీసీ నంబరు. ఓడ పేరు, ఏడంకెల ఐఎంఓ నంబరు, ఓడ రకం, జెండా, గ్రాస్ టన్నేజ్. ఇంజిన్ వాళ్లకు ప్రధాన ఇంజిన్ శక్తి కిలోవాట్లలో. ఓడ పేరు మారినా ఐఎంఓ నంబరు మారదు, అందుకే అది లేని కాగితం రేపు ఏ ఓడదో తేల్చడం కష్టం. ఆపైన ర్యాంకు, ఆ ర్యాంకులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వాచ్ సొంత బాధ్యతతో నడిపారా లేదా, రోజుకు ఎన్ని గంటలు. డెక్ వాళ్లకు కెప్టెన్ సంతకం. ఇంజిన్ వాళ్లకు చీఫ్ ఇంజనీర్ సంతకం, దాంతోపాటు కెప్టెన్ సంతకం. కింద ఓడ ముద్ర. ఒకే కాంట్రాక్టులో ర్యాంకు మారితే రెండు వేర్వేరు కాగితాలు.

కిలోవాట్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఇంజిన్ సర్టిఫికెట్లకు 750, 3,000 కిలోవాట్లు గీతలు. పాత ఓడల నేమ్‌ప్లేట్ మీద శక్తి బీహెచ్‌పీలో, అంటే హార్స్‌పవర్‌లో ఉంటుంది. 3,800 బీహెచ్‌పీ చూసి 3,000 గీత దాటామనుకున్నవాళ్లున్నారు. కిలోవాట్లలోకి మారిస్తే అది సుమారు 2,800 మాత్రమే. ఎక్కే ముందే ఓడ వివరాల షీట్ అడిగి చూసుకోండి. ఎక్కాక తెలిస్తే ఆ కాంట్రాక్టంతా మీరు అనుకున్న సర్టిఫికెట్‌కు పనికిరాకపోవచ్చు.

క్యాడెట్లకు ఇదే సంగతి ట్రైనింగ్ రికార్డు బుక్ రూపంలో ఎదురవుతుంది. ఆ బుక్‌తో, గుర్తింపున్న శిక్షణలో భాగంగా చేస్తే డెక్‌లో 12 నెలలు కనీసం. అది లేకపోతే ఎస్‌టీసీడబ్ల్యూ అడిగేది 36 నెలలు. అంటే ఆ పుస్తకం విలువ 24 నెలల సముద్రం. అందులో పనులకు సంతకాలన్నీ దిగే ముందు రోజు రాత్రి ఒకే పెన్నుతో పెట్టించుకుంటే చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. పని చేసిన వారంలోనే పెట్టించుకోండి. బ్రిడ్జి మీద వాచ్ చేసిన 6 నెలలు విడిగా రాసి ఉండాలి, అవి లేకపోతే మిగతా నెలలు ఉన్నా చాలవు.

ఆఫీసర్లు కాని సిబ్బందికి, అంటే రేటింగ్‌లకు కూడా ఒక మాట, ఎందుకంటే ఉద్దానం నుంచి ఓడలెక్కేవాళ్లలో ఎక్కువమంది రేటింగ్‌లే. ఏబుల్ సీఫేరర్ డెక్‌కు 18 నెలలు, లేదా గుర్తింపున్న శిక్షణతో 12 నెలలు కావాలి. ఆ లెక్క మీరు వాచ్‌కీపింగ్ అర్హత పొందిన తర్వాతే మొదలవుతుంది. దానికి ముందు ఓఎస్‌గా, అంటే ఆర్డినరీ సీమన్‌గా ఎన్నేళ్లు చేసినా ఈ 18లో కలవదు. కాబట్టి వాచ్‌కీపింగ్ కాగితం ఆలస్యం చేసిన ప్రతి నెలా మీ ఖాతాలో పోయిన నెలే.

ఇక ఎక్కే ముందు నుంచి దిగేదాకా, వరసగా:

నావికులను ఓడలకు పంపడానికి కావాల్సిన ఆర్‌పీఎస్ లైసెన్స్ ఏజెంటుకు ఉందో లేదో డీజీ షిప్పింగ్ సైట్‌లో మీరే చూడండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటో చాలదు.

ఉద్యోగం ఇప్పించడానికి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

ఎక్కిన వారంలో సీడీసీలో సైన్ ఆన్ తేదీ, ర్యాంకు సరిగా పడ్డాయో చూడండి. ఇంట్లోంచి బయల్దేరిన తేదీ, విమానం ఎక్కిన తేదీ లెక్కలోకి రావు.

తేదీల్లో నెలను అక్షరాలతో రాయించండి. 04/08 అంటే ఒకరికి ఆగస్టు 4, మరొకరికి ఏప్రిల్ 8. ఒక్క తేడాతో నాలుగు నెలలు గల్లంతవుతాయి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ప్రతి కాగితంలో. మన ఇంటిపేర్లు ఒకచోట ఇనీషియల్‌గా, ఇంకోచోట పూర్తిగా ఉంటాయి. కెప్టెన్‌కు ఈ తేడా తెలియదు, మీరే చెప్పాలి.

ర్యాంకు మారిన రోజే సీడీసీలో కొత్త వరుస.

డెక్ లాగ్‌బుక్‌లో, క్రూ లిస్టులో కూడా కొత్త ర్యాంకు పడిందో చూసుకోండి. క్రూ లిస్టు కాపీ ఒకటి దాచుకోండి.

దిగడానికి రెండు వారాల ముందే టెస్టిమోనియల్ టైప్ చేసి కెప్టెన్ టేబుల్ మీద పెట్టండి. రిలీవర్ వచ్చిన రోజు ఆయనకు ఊపిరి సలపదు.

కెప్టెన్ మీకంటే ముందు దిగిపోతుంటే, ఆయన ఉన్నంత కాలానికి ఆయన చేతనే రాయించండి. కొత్త కెప్టెన్ తాను చూడని నెలలకు సంతకం పెట్టడు, పెట్టమనకండి కూడా.

కెప్టెన్, చీఫ్ ఇంజనీర్ల వ్యక్తిగత మెయిల్ తీసుకోండి. కంపెనీ మెయిల్ ఆయన ఉద్యోగం మారగానే ఆగిపోతుంది.

జీతాలు రెండు నెలలు ఆగాయా, సరుకులు తగ్గాయా, యజమాని ఫోన్ ఎత్తడం లేదా? ఆ రోజు వరకు చేసిన సీ టైమ్‌కు ఆ రోజే కాగితం తీసుకోండి. ఓడ కదలకుండా లంగరులో పడి ఉన్న రోజుల గురించి తర్వాత ప్రశ్నలు వస్తాయి. ముందు చేసిన మంచి నెలలు వాటితో కలిసి చిక్కుల్లో పడకూడదు.

తక్కువైన నెలలకు "సీ టైమ్ లెటర్ ఇప్పిస్తాం" అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. చేయని నౌకరీకి కాగితం పెడితే పట్టుబడేది మీరు, పోయేది మీరు నిజంగా సంపాదించిన సర్టిఫికెట్ కూడా.

సంతకమైన ప్రతి కాగితం స్కాన్ చేసి మీకు మీరే మెయిల్ చేసుకోండి, ఓడ దిగకముందే. అసలు కాగితం చేతిబ్యాగులో. చెక్ఇన్ సూట్‌కేసులో వద్దు.

ఇంటికొచ్చాక డీజీ షిప్పింగ్ సైట్‌లో మీ ఇండోస్ కింద కంపెనీ ఎక్కించిన సర్వీసును సీడీసీతో పోల్చండి. తేడా ఉంటే మెయిల్ వెంటనే రాయండి, ఫోన్‌లో వదిలేయకండి.

సర్టిఫికెట్ రెన్యువల్‌కు గత 5 ఏళ్లలో 12 నెలలు, లేదా చివరి 6 నెలల్లో 3 నెలల సీ టైమ్ కావాలి. ఒడ్డున ఎక్కువకాలం ఉండబోయేవాళ్లు ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి.

మళ్లీ చెబుతున్నా, టెస్టిమోనియల్ చేతిలో లేకుండా గ్యాంగ్‌వే దిగొద్దు. ఆఫీసు పంపుతుందన్నా దిగొద్దు. ఫ్లైట్‌కు టైమ్ అయిందన్నా, అడగడం మానొద్దు.

ఇప్పటికే కాగితం లేకుండా దిగినవాళ్లు ఇవాళే పని మొదలుపెట్టండి. ఆ కాంట్రాక్టు అగ్రిమెంటు, జీతం స్లిప్పులు, పాస్‌పోర్టు స్టాంపుల కాపీలు, అప్పటి క్రూ లిస్టు ఒకచోట చేర్చండి. టెస్టిమోనియల్ పూర్తిగా నింపి, సంతకం ఒక్కటే మిగిలేలా తయారుచేసి కెప్టెన్‌కు, కంపెనీకి ఒకే మెయిల్‌లో పంపండి. కంపెనీ ఇంకా నడుస్తున్నప్పుడు, కెప్టెన్‌కు మీ ముఖం గుర్తున్నప్పుడు అడిగితే వచ్చే అవకాశం ఉంది. విశాఖలోనో చెన్నైలోనో డీజీ షిప్పింగ్ కింది ఎంఎండీ ఆఫీసులో అప్లై చేసే నెల వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.