మాట్లాడాక రాసే థాంక్యూ నోట్ (ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ పాఠాలు: నాలుగో భాగం)

మనకు నచ్చిన రంగంలో పనిచేసేవాళ్లతో, ఉద్యోగం అడగకుండా, వాళ్ల పని గురించి తెలుసుకోవడానికి మాట్లాడటమే ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ. పోయిన భాగంలో అలా ఫోన్‌లో దొరికిన ఇరవై నిమిషాలను ఎలా వాడుకోవాలో చూశాం. ఏం అడగాలి, ఎక్కడ ఆపాలి, మాట్లాడుతూనే ఏం రాసుకోవాలి అన్నవి అందులో వచ్చాయి. ఈసారి ఆ మాటలు అయిపోయాక పంపే చిన్న నోట్ రాయడం నేర్చుకుందాం. ఉద్యోగం అడగకుండానే మళ్లీ మాట్లాడే దారి మిగుల్చుకోవడం ఇందులో అసలు పని.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్ చదువుతున్న అమ్మాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసే మేడమ్‌తో ఆదివారం సాయంత్రం మాట్లాడింది. ఆ అమ్మాయికి మేడమ్ నంబర్ ఇచ్చింది తన మేనమామ స్నేహితుడు. మాటల్లో మేడమ్ ఇలా అన్నారు: "హెచ్‌పీఎల్‌సీ మెషీన్ నడపడం మేం నేర్పించుకుంటాం. రాసే పద్ధతి అలవాటు లేనివాళ్లతోనే కష్టం. నోట్‌బుక్‌లో తప్పు అంకె పడితే ఒకే గీత కొట్టాలి, పాత అంకె కనిపిస్తూనే ఉండాలి. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ వేయాలి. మీద దిద్ది రాయడం, వైట్‌నర్ పూయడం మా దగ్గర నడవదు." పరీక్షా పద్ధతి నమ్మదగినదని ఎలా నిరూపించాలో చెప్పే ఐసీహెచ్ క్యూ2 గైడ్‌లైన్ చదవమని కూడా చెప్పారు.

ఇంత విషయం చేతిలో ఉన్నా, మొదటిసారి రాసేవాళ్ల నోట్ చాలావరకు ఇలా వస్తుంది:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మీ విలువైన సమయాన్ని కేటాయించినందుకు ధన్యవాదాలు. మీ సలహాలు నాకు ఎంతగానో ఉపయోగపడ్డాయి. మీ కంపెనీలో ఖాళీలు ఉంటే దయచేసి తెలియజేయగలరు. నా రెజ్యూమ్ జతపరిచాను."

మర్యాదలో లోటు లేదు. కానీ మొదటి రెండు వాక్యాలను మేడమ్‌కే కాదు, బ్యాంకు మేనేజర్‌కు పంపినా సరిపోతాయి. ఆమె చెప్పిందేదీ ఇందులో లేదు. మూడో వాక్యంతో నష్టం ఇంకా ఎక్కువ. క్వాలిటీ కంట్రోల్‌లో అనలిస్ట్‌గా ఉన్న మనిషి చేతిలో ఉద్యోగాలు ఉండవు. ఖాళీల సంగతి చూసేది హెచ్‌ఆర్‌, తీసుకునేది డిపార్ట్‌మెంట్ హెడ్. అంటే మేడమ్ ఇప్పుడు "నా చేతిలో లేదమ్మా" అనాలి, లేదంటే ఇరవై నిమిషాలు మాత్రమే తెలిసిన అమ్మాయికి పూచీ పడాలి. రెండూ ఇబ్బందే కాబట్టి జవాబివ్వకుండా వదిలేస్తారు. పైగా "పని గురించి తెలుసుకుందామని" టైమ్ అడిగి, చివరికి ఉద్యోగం అడిగితే, అంతకుముందు అడిగిన మంచి ప్రశ్నలన్నీ సాకులే అనిపిస్తాయి. "నన్ను కాస్త గుర్తుపెట్టుకోండి", "ఏదైనా ఉంటే చూడండి" లాంటివి మెత్తగా ఉన్నా అడగడం కిందికే వస్తాయి. అవతలివాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది.

అదే అమ్మాయి సోమవారం సాయంత్రం, ప్రాక్టికల్స్ అయ్యాక ఇలా రాసిందనుకోండి:

"నమస్తే మేడమ్. నిన్న సెలవు రోజైనా నాతో అంతసేపు మాట్లాడినందుకు థాంక్యూ. తప్పు పడితే ఒకే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలని మీరు చెప్పారు కదా. మా రికార్డుల్లో మేం వైట్‌నర్ వాడుతున్నాం. ఇవాళ్టి టైట్రేషన్‌లో ఒక బ్యూరెట్ రీడింగ్ తప్పు రాసి, మొదటిసారి మీరు చెప్పినట్టే దిద్దాను. ఐసీహెచ్ క్యూ2 కూడా డౌన్‌లోడ్ చేసుకున్నాను. సెమిస్టర్ పరీక్షలయ్యాక చదివి, నాకు అర్థమైంది మీకు మెసేజ్‌లో రాస్తాను."

ఇందులో పొగడ్త లేదు, అయినా చదివినవాళ్లకు సంతోషంగా ఉంటుంది. తను చెప్పిన మాట ఒకరోజు తిరగకముందే ఒక బ్యూరెట్ రీడింగ్ దగ్గర పనికొచ్చిందని మేడమ్‌కు తెలిసింది. అందుకే విన్నదాంట్లోంచి ఒక్కటే తీసుకుని, దాంతో ఏం చేశారో రాయండి. ఐదు విషయాలు ఏకరువు పెడితే పాఠం అప్పజెప్పినట్టుంటుంది.

చివరి వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. మళ్లీ మాట్లాడే దారి అక్కడే ఉంది. "మళ్లీ ఎప్పుడైనా మాట్లాడొచ్చా మేడమ్?" అని అడిగి ఉంటే మేడమ్ అవునో కాదో చెప్పాల్సి వచ్చేది. "చదివి రాస్తాను" అన్నప్పుడు పని ఆ అమ్మాయి మీదే ఉంది, మేడమ్ ఏమీ చేయక్కర్లేదు. నెలన్నర తర్వాత ఆ మెసేజ్ వెళ్తే అది కొత్తగా తలుపు తట్టినట్టు ఉండదు, చెప్పిన మాట నిలబెట్టుకున్నట్టు ఉంటుంది. మీ నోట్ పంపే ముందు చివరి వాక్యం చదివి, దానివల్ల అవతలివాళ్ల మీద ఏదైనా పని పడుతోందా అని చూసుకోండి. పడుతుంటే మార్చండి. ఒక హెచ్చరిక కూడా ఉంది. చేయలేనిది రాయొద్దు. చదవని గైడ్‌లైన్ పేరు నోట్‌లో ఉంటే, ఆ తర్వాత మెసేజ్ పెట్టడానికి మీకే మొహమాటం అడ్డొస్తుంది.

ఎప్పుడు, ఎలా పంపాలంటే: ఒక రోజులోపు, ఏ దారిలో మాట్లాడటం కుదిరిందో ఆ దారిలోనే. వాట్సాప్‌లో టైమ్ అడిగితే నోట్ కూడా వాట్సాప్‌లోనే. మెయిల్‌లో అయితే సబ్జెక్టులో ఉత్త "థాంక్యూ" కాకుండా "నిన్నటి క్యూసీ మాటలకు థాంక్యూ" లాంటిది రాస్తే ఎవరో ఇట్టే గుర్తొస్తారు. తెలుగులో మాట్లాడినవాళ్లకు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాయాలన్న టెన్షన్‌తోనే చాలామంది "విలువైన సమయం" లాంటి అచ్చు వాక్యాల్లోకి జారిపోతారు.

జవాబు రాలేదని బెంగపడి రెండోసారి పంపొద్దు. చాలా ఫార్మా యూనిట్లలో ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, షిఫ్ట్ దిగాకే చూస్తారు. థాంక్యూ నోట్‌కు జవాబు ఇవ్వాలన్న రూలు కూడా ఏమీ లేదు. బొటనవేలి బొమ్మ ఒక్కటి వచ్చినా చాలు.

మాటల్లో మేడమే "నీ రెజ్యూమ్ పంపమ్మా" అంటే అప్పుడు పంపడం అడగడం కాదు, వాళ్లు చెప్పింది చేయడం. అదే నోట్ కింద "మీరు పంపమన్న రెజ్యూమ్ ఇది" అని ఒక్క ముక్క రాసి జతచేయండి. దాని గురించి మళ్లీ గుర్తుచేయొద్దు.

నంబర్ ఇచ్చిన మనిషిని మన దగ్గర చాలామంది మర్చిపోతారు. మేనమామ స్నేహితుడు తన పరిచయాన్ని మీ కోసం వాడారు. "అంకుల్, మేడమ్‌తో నిన్న మాట్లాడాను. రికార్డు రాసే పద్ధతి బాగా వివరించారు. నంబర్ ఇచ్చినందుకు థాంక్యూ" అని ఆయనకూ అదే రోజు పంపండి. మేడమ్, ఆయన ఎక్కడైనా కలిసినప్పుడు ఆ అమ్మాయి మాట రాకమానదు. అప్పటికి ఇద్దరికీ కబురు అంది ఉండాలి.

ఈ వారం అభ్యాసం: మీరు మాట్లాడి వచ్చిన ఒక మనిషికి ఐదారు వాక్యాల్లో నోట్ రాయండి. పైన పేరు మూసేసి మీ స్నేహితుడికి చూపించి, ఇది ఏ పని చేసే మనిషికి రాశారో అడగండి. వాళ్లు చెప్పలేకపోతే మీరు మాట్లాడుతూ రాసుకున్న కాగితం మళ్లీ తీసి, అందులోంచి ఒక మాట ఎంచుకుని నోట్ తిరగరాయండి. ఐదో భాగంలో, నెలన్నర తర్వాత పెట్టే ఆ రెండో మెసేజ్ రాద్దాం.