శాటిలైట్ గీతలు, హాట్ పిక్సెళ్లు తీసేయబోయే ముందు: నక్షత్రాలు పోకుండా జాగ్రత్తలు

ముందుగా చెప్పాల్సింది: ఒక్క ఫొటో మాత్రమే ఉంటే ఏది నక్షత్రమో, ఏది హాట్ పిక్సెలో, అంటే వెలుగు పడకున్నా మెరిసే సెన్సర్ చుక్కో, సాఫ్ట్‌వేర్‌కు నమ్మకంగా తెలియదు. వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే చిన్న నక్షత్రం కూడా ఒకటి రెండు పిక్సెళ్లలోనే పడుతుంది. అదే ఆకాశాన్ని 20 ఫ్రేములు తీసి ఉంచుకుంటే తేడా తేలిపోతుంది. ఆకాశంతో పాటు కదిలేది నక్షత్రం, సెన్సర్ మీద ఒకే చోట ఉండిపోయేది హాట్ పిక్సెల్, ఒకటి రెండు ఫ్రేముల్లో కనబడి మాయమయ్యేది శాటిలైట్. శుభ్రం చేయడం అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

కాబట్టి జాగ్రత్త ఫొటో తీసేటప్పుడే మొదలవ్వాలి. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ వాడుతుంటే ప్రతి ఒకటి రెండు ఫ్రేములకోసారి గురిని ఏదో ఒక దిక్కుకు పదేసి పిక్సెళ్లు జరపండి. దీన్నే డిథరింగ్ అంటారు. అప్పుడు నక్షత్రాలను కలిపి పేర్చినప్పుడు హాట్ పిక్సెల్ ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పడి, ఒంటరిగా దొరికిపోతుంది. ఎప్పుడూ ఒకే దిక్కుకు జరిపితే మాత్రం హాట్ పిక్సెళ్లు వరుసగా సాగి చారలవుతాయి, వాటిని తర్వాత వదిలించుకోవడం మహా కష్టం.

హాట్ పిక్సెళ్లను పట్టిచ్చే డార్క్ ఫ్రేములు అదే రాత్రి, లెన్స్ మూత పెట్టి, అదే ఎక్స్‌పోజరుతో, అదే ఐఎస్ఓతో 20 దాకా తీయండి. సెన్సర్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కితే చాలు, వెలుగు లేకపోయినా అందులో పుట్టే డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. మర్నాడు మధ్యాహ్నం గదిలో తీసినవి అందుకే పనికిరావు.

హాట్ పిక్సెళ్లను ముడి ఫైల్ మీదే, రంగులు విడదీయక ముందే సరిచేయాలి. రంగులు విడదీశాక ఒక్క పిక్సెల్ మచ్చ చుట్టుపక్కలకు పాకి ఎర్రటి, నీలి చుక్కలవుతుంది, ఫ్రేములు పేర్చాక ఇంకా మెత్తబడుతుంది. అప్పుడిక దాన్ని చిన్న నక్షత్రం నుంచి వేరు చేయలేం.

ఇక శాటిలైట్ గీతలు. ఫ్రేములు పేర్చేటప్పుడు సగటు నుంచి మరీ దూరంగా ఉన్న విలువల్ని తీసేసే హద్దును సిగ్మాల్లో, అంటే విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో, ఇస్తాం. చాలామంది సిగ్మా 3 పెట్టి, గీత పోలేదేమిటని తల పట్టుకుంటారు. కారణం లెక్కలోనే ఉంది. 10 ఫ్రేముల్లో ఒక పిక్సెల్ దగ్గర ఆకాశం వెలుగు 1000, నాయిస్ 30 అనుకుందాం. ఒక ఫ్రేములో శాటిలైట్ వల్ల అక్కడ 1400 వచ్చింది. సగటు 1040 అవుతుంది. కానీ ఆ ఒక్క విలువే సిగ్మాను 30 నుంచి 130కి లాగేస్తుంది. సగటు నుంచి గీత దూరం 360, అంటే 2.8 సిగ్మా. 3 దాటలేదు కాబట్టి గీత లోపలే ఉండిపోయింది. నిజానికి 10 ఫ్రేములతో ఎంత ప్రకాశమైన గీత అయినా మామూలు సిగ్మా లెక్కలో 3 దాటదు. అదే 20 ఫ్రేములుంటే ఇదే గీత 4 సిగ్మా దగ్గర తేలి బయటికి పోతుంది.

ఫ్రేములు తక్కువైతే పైవైపు హద్దు మాత్రం 2.5కి దించండి. లేదా ఇలాంటి విపరీత విలువలకు అంతగా లొంగని విన్సరైజ్డ్ పద్ధతి ఎంచుకోండి. ఫ్రేములు పేర్చే సాఫ్ట్‌వేర్ సిరిల్‌లో మామూలు పద్ధతికి ఇలా:

```
stack r_pp_light rej s 3 2.5 -norm=addscale -rejmaps
```

ఇక్కడ 3 కిందివైపు హద్దు, 2.5 పైవైపు హద్దు. `-norm` బదులు `-nonorm` ఇస్తే, మబ్బు వచ్చిన ఫ్రేములూ తేటగా ఉన్న ఫ్రేములూ ఒకే కొలతకు రాక లెక్కంతా తప్పుతుంది.

అసలు పరీక్ష `-rejmaps` ఇచ్చే పటాల్లో ఉంది. ఏ చోట ఎన్ని విలువలు తీసేశారో అవి చూపిస్తాయి. పైవైపు పటాన్ని పెద్దది చేసి చూడండి. గీతలు, చెల్లాచెదురు చుక్కలు కనిపిస్తే పని సరిగ్గా జరిగినట్టే. గుండ్రటి మచ్చలు నక్షత్రాల చోట్లలోనే కనిపిస్తే నక్షత్రాల నడిబొడ్డు కోతకు గురవుతోందన్నమాట. గాలి కదలికకు ఒక ఫ్రేములో నక్షత్రం సన్నగా, మరోదానిలో ఉబ్బి ఉంటుంది, సన్నగా వచ్చిన మంచి ఫ్రేమునే లెక్క తప్పుగా పట్టుకుంటుంది. ఉబ్బిన ఫ్రేములు తీసేసి, హద్దును 3కి పెంచి మళ్లీ నడపండి. హద్దును 1.5కి దించడం మాత్రం వద్దు, అది గీతతో పాటు నక్షత్రాల వెలుగునూ తినేస్తుంది.

గీత నడుమ పోయి, అంచుల్లో మసక మిగలడం మామూలే. ఆ ఒక్క ఫ్రేమును పక్కన పెట్టేయడమే మేలు. 30లో ఒకటి పోతే నాయిస్ పెరిగేది 2 శాతం లోపే.

ఒక్కటే ఫొటో ఉన్నవాళ్లు మొత్తం చిత్రం మీద మీడియన్ ఫిల్టర్ వేయకండి, మొదట పోయేవి చిన్న నక్షత్రాలే. గీత వెడల్పుకు రెండు మూడు పిక్సెళ్లు ఎక్కువగా మాస్క్ గీసి, ఆ పట్టీలో మాత్రమే పక్క ఆకాశాన్ని అతికించండి. పట్టీలో పడిన ప్రకాశమైన నక్షత్రాలను ముందే మాస్క్ నుంచి మినహాయించండి. ఉల్కల కోసం తీసిన రాత్రయితే ఏ ఫ్రేమూ చెరపకండి, స్టాకింగ్‌కు ఉల్క గీత కూడా శాటిలైట్ గీత లాంటిదే, కలిపి తీసేస్తుంది.