క్యాసెట్ ఫైలులో హిస్ తీస్తే గొంతు కూడా పోతోందా? ముందు అజిమత్ చూడండి

క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఆడాసిటీలో ఎఫెక్టులు వేయడం మీకు వచ్చు అనుకునే రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఎక్కువ భాగం అప్పటికే ఎవరో Noise Reduction రెండు మూడు సార్లు గట్టిగా వేసేసినవే. "సార్, హిస్ పోయింది గానీ గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది, అది కూడా సరిచేసి ఇవ్వండి" అంటారు. అజిమత్ చూశారా అని అడిగితే అవతల నిశ్శబ్దం. అందరూ వదిలేసేది ఇదే, నిజానికి మొదట చూడాల్సిందీ ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

లక్షణం: హిస్ ఎక్కువ, గొంతు మొద్దుగా ఉంది, హిస్ తీస్తే గొంతూ పోతోంది

డెక్‌లో ప్లే హెడ్ మీద కంటికి కనపడనంత సన్నటి గీతలాంటి గ్యాప్ ఉంటుంది. టేపు నడిచే దిశకి అది నిట్టనిలువుగా ఉండాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రికార్డు చేసిన మెషీన్‌లో ఏ కోణంలో ఉందో మీ డెక్‌లోనూ అదే కోణంలో ఉండాలి, దీన్నే అజిమత్ అంటారు. కంపెనీ క్యాసెట్లయితే ఫరవాలేదు, చాలావరకు ప్రామాణిక కోణంలోనే రికార్డయి ఉంటాయి. ఇంట్లో టేప్‌రికార్డర్‌లో రికార్డు చేసినవాటి సంగతి మాత్రం దేవుడికెరుక.

కోణం తేడాగా ఉంటే ముందు పోయేది ట్రెబుల్. స, శ, చ లాంటి అక్షరాలు మసకబారతాయి. హిస్‌కి మాత్రం కోణంతో పనిలేదు, అది టేపులో ఎక్కడికక్కడ విడిగా పుట్టే శబ్దం, అందుకే తగ్గదు. అంటే గొంతు తగ్గింది, హిస్ అలాగే ఉంది. మీకు మాత్రం హిస్ పెరిగినట్టు వినిపిస్తుంది, మీరు దాని మీద పడతారు, పనిలో పని మిగిలిన కాస్త స, శ కూడా తుడిచేస్తారు. ఫైలులో లేని ట్రెబుల్‌ని ఈక్వలైజర్ తీసుకురాలేదు, అక్కడున్న హిస్‌నే ఇంకా పైకి లేపుతుంది.

ఒక కేసు చెప్తాను. నల్లకుంట నుంచి ఒకాయన వాళ్ళ నాన్నగారు శ్రీరామనవమి పందిట్లో రికార్డు చేసిన హరికథ ఫైలు పంపారు. మోనో టేప్‌రికార్డర్, ఒకటే మైకు. తర్వాత స్టీరియో డెక్ మీద వాయించి 44100 హెర్ట్జ్‌లో ఎక్కించారు. మోనోలో రికార్డయిన టేపుని స్టీరియో హెడ్‌తో చదివితే రెండు ఛానెళ్ళలోనూ ఒకే గొంతు, ఒకే క్షణంలో రావాలి. కాబట్టి చెక్ చాలా తేలిక. Split Stereo to Mono కొట్టి, దాసుగారి చిడత దెబ్బ ఒకటి పట్టుకుని, శాంపిల్ చుక్కలు విడివిడిగా కనపడేదాకా జూమ్ చేశాను. కుడి ఛానెల్ 4 శాంపిళ్ళు వెనక ఉంది.

4 శాంపిళ్ళంటే ఏముందిలే అనిపిస్తుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఒక్కో శాంపిల్‌కి టేపు కదిలేది సుమారు ఒక మైక్రాన్. ఆ లెక్కన ఇక్కడ తేడా 4 మైక్రాన్లకి కాస్త పైనే. 10 కిలోహెర్ట్జ్ శబ్దం టేపు మీద ఆక్రమించే పొడవే 4.76 మైక్రాన్లు, అంటే తేడా దాదాపు ఒక పూర్తి తరంగమంత! ఇలా ఉన్నదాన్ని మోనోగా కలిపితే 5.5 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు ఛానెళ్ళూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరిగ్గా స, శ ఉండే చోట. ఈయన కలిపేసే పంపారు మొదట. స్టీరియో ఫైలు మళ్ళీ అడిగి తెప్పించుకుంటేగానీ ఇదంతా బయటపడలేదు.

కళ్ళతో చూసి నమ్మకం కుదరకపోతే చెవితో చూడండి. రెండు ఛానెళ్ళ లెవెల్ సమానం చేసి, ఒకదానికి Invert వేసి కలపండి. కోణం సరిగ్గా ఉన్న మోనో టేపయితే గొంతు దాదాపు మాయమై హిస్ మిగులుతుంది. గొంతు పోయి "స్ స్" అనే ముక్కలు మాత్రం గట్టిగా మిగిలాయంటే అజిమత్ తేడా. ఇక మూడోది, హిస్‌తో సహా ఏమీ మిగలకుండా పూర్తి నిశ్శబ్దం వచ్చిందంటే సంతోషించకండి. మీ చవక యూఎస్‌బీ కన్వర్టర్ లోపలే రెండు ఛానెళ్ళనీ కలిపేసి ఒకే శబ్దాన్ని రెండుసార్లు రాసిందన్నమాట. ఆ ఫైలుతో చేయగలిగేది పెద్దగా లేదు, వేరే డెక్ మీద మళ్ళీ ఎక్కించాల్సిందే.

పరిష్కారం: క్యాసెట్ ఇంకా ఉంటే హెడ్ తిప్పి మళ్ళీ ఎక్కించండి, వేరే దారి వెతకొద్దు. హెడ్ పక్కన రెండు స్క్రూలుంటాయి, వాటిలో కింద స్ప్రింగు ఉన్నది అజిమత్ స్క్రూ. చాలా డెక్కుల్లో క్యాసెట్ తలుపు మీది ప్లాస్టిక్ తీస్తే ప్లే అవుతుండగానే అందుతుంది. మొదట ఉన్న స్థానానికి గుర్తు పెట్టుకోండి. అయస్కాంతం లేని చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, హెడ్ ముఖాన్ని తాకకుండా, మోనోలో వింటూ కొద్ది కొద్దిగా తిప్పండి. పావు చుట్టు లోపలే ఒక చోట స, శ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, దాటితే మళ్ళీ మూసుకుంటాయి. ఆ మధ్యలో ఆపండి. రెండో సైడు తిప్పాక మళ్ళీ చూడండి, ఒకే క్యాసెట్‌లో రెండు సైడ్లకీ వేరే వేరే చోట కుదరడం మామూలే. పని అయ్యాక స్క్రూని గుర్తు దగ్గరికి తెచ్చేయండి, లేకపోతే మీ మిగతా క్యాసెట్లన్నీ మొద్దుబారతాయి.

క్యాసెట్ పోయింది, ఫైలే దిక్కు అంటే సగం పని అవుతుంది. వెనకబడ్డ ఛానెల్ మొదట్లోంచి ఆ 4 శాంపిళ్ళు కత్తిరించేస్తే రెండూ కలుస్తాయి, అప్పుడు మోనో చేయండి. మోనో రికార్డింగు కాబట్టి గొంతు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, రెండు ఛానెళ్ళ హిస్‌కి పొత్తు లేదు కాబట్టి అది 3 మాత్రమే పెరుగుతుంది, అంటే ఏ ఎఫెక్టూ వేయకుండా 3 డెసిబెళ్ళ లాభం. కానీ ఒక్కో ఛానెల్ ట్రాక్ వెడల్పు 0.6 మిల్లీమీటర్లు, ఆ వెడల్పు లోపల జరిగిన నష్టం దీనితో పోదు. ఈ హరికథ లెక్కలో 10 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం సగానికి పడిపోయి ఉంటుంది, అది తిరిగి రాదు. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా తేడా కొలవండి, టేపు ఊగుతూ నడిస్తే మారుతుంది, అప్పుడు ముక్కలు ముక్కలుగా సరిచేసుకోవాలి. అదృష్టవశాత్తూ ఈయన దగ్గర క్యాసెట్ ఉంది. హెడ్ తిప్పి మళ్ళీ ఎక్కించాక ఆయనే ఫోన్ చేసి "హిస్ ఏ ప్లగిన్‌తో తీశారు?" అని అడిగారు. ఇంకా తీయనే లేదు మరి.

లక్షణం: టక్ టక్ మని క్లిక్కులు

గ్రామఫోను రికార్డుకి గీతలు పడి క్లిక్కులొస్తాయి, క్యాసెట్‌కి ఆ జబ్బు లేదు. అందుకే Click Removal వేసే ముందు అదే చోటు మళ్ళీ ఎక్కించి చూడండి. రెండోసారి క్లిక్కు అక్కడే ఉంటే అది టేపులోదే, రికార్డ్ బటన్ నొక్కినప్పుడో మైకు స్విచ్ వేసినప్పుడో పడ్డది. అక్కడ లేకపోతే మీ కంప్యూటర్ ఎక్కించేటప్పుడు శాంపిళ్ళు జారవిడిచింది, జూమ్ చేస్తే తరంగం ఒక్కసారిగా తెగి వేరే చోట మొదలైనట్టు కనపడుతుంది. దానికి ఎఫెక్టు కాదు మందు. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పెట్టండి, ఆడాసిటీలో బఫర్ పెంచండి, బ్రౌజర్ మూసేసి మళ్ళీ ఎక్కించండి. టేపులోవే ఒకటీ అరా ఉంటే ఒక్కోదాన్ని పట్టుకుని Repair వేయండి, అది 128 శాంపిళ్ళ లోపే పనిచేస్తుంది, అది చాలు. ఫైలు మొత్తానికి Click Removal వేస్తే చిడతల చురుకుదనం కూడా క్లిక్కే అనుకుని కొరికేస్తుంది.

లక్షణం: హార్మోనియం స్వరం ఊగుతోంది

దీన్నే వావ్ అంటారు. ముందు వాచీ పట్టుకుని ఎంతసేపటికోసారి ఊగుతోందో చూడండి, దోషి అక్కడే దొరుకుతాడు. సెకనుకి కాస్త తక్కువలో ఒకసారి అయితే పించ్ రోలర్, అంటే టేపుని లాగే రబ్బరు చక్రం, మురికిపట్టిందో గట్టిపడిందో. ఒకటిన్నర నుంచి మూడు సెకన్ల మధ్య ఉండి, టేపు ముందుకెళ్ళేకొద్దీ ఆ గడువు మారుతుంటే రీలు బిగుసుకుంది. అలాంటప్పుడు క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి వెనక్కి తిప్పండి, చాలావాటికి అంతటితో సరిపోతుంది. లేదంటే స్క్రూలున్న మంచి షెల్‌లోకి టేపు మార్చండి. బెల్టు సాగి ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో సైజు చూపించి అడగండి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికే పాత డెక్కుల బెల్టు కూడా వెంటనే మార్చేయండి.

రికార్డు చేసిన రోజే ఊగి ఉంటే సాఫ్ట్‌వేరే గతి, టేపులోనే పడ్డ కరెంటు హమ్ అక్కడ పనికొస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో ఆ హమ్ గీత ఎలా ఊగితే వేగం అలా ఊగినట్టు. ముందు డెక్‌ని పాజ్ చేసి చూడండి, అప్పుడూ గీత ఉంటే అది మీ డెక్ హమ్, పనికిరాదు. ఇంకో మాట, ఆ గీతని తెచ్చి సరిగ్గా 50 హెర్ట్జ్ మీద కూర్చోబెట్టి శ్రుతి కుదిరింది అనుకోకండి. 1990లలో మన దక్షిణాది గ్రిడ్ తరచూ 49 కన్నా కిందే నడిచేది. ఊగుడుకి హమ్‌ని నమ్మండి, అసలు వేగానికి హార్మోనియంని నమ్మండి.

ఇక హిస్

అన్నిటికన్నా చివర. Noise Reduction కి హిస్ నమూనా తీసుకునే చోటు ముఖ్యం, టేపు మొదట్లోని లీడర్ నుంచీ ఖాళీ టేపు నుంచీ వద్దు, రికార్డింగ్ నడుస్తుండగా కథ ఆగిన చోట తీసుకోండి. అక్కడా ఒక చిక్కుంది. ఇంటి టేప్‌రికార్డర్లలో ఆటోమేటిక్ లెవెల్ ఉంటుంది, మాట ఆగి కాసేపైతే అది తనంతట తానే గెయిన్ పెంచేసి పందిట్లో ఫ్యాను హోరు మొత్తం లోపలికి లాగుతుంది. అందుకని మాట ఆగిన వెంటనే వచ్చే అర సెకను ముక్క తీసుకోండి. తగ్గింపు నేను 6 నుంచి 8 డెసిబెళ్ళు దాటనివ్వను, అదీ ఒక్కసారే. Residue పెట్టి వినండి, అందులో మాట అర్థమవుతోందంటే ఎక్కువ తీస్తున్నారు, తగ్గించండి.

డాల్బీ బటన్ సంగతి: డాల్బీతో రికార్డు చేయనిదాన్ని డాల్బీ ఆన్ చేసి ఎక్కిస్తే మొద్దుగా వస్తుంది, మోనో టేప్‌రికార్డర్ క్యాసెట్లకి అది ఆఫ్‌లోనే ఉండాలి. హెడ్ అయస్కాంతం పట్టడం, తర్వాత రావాల్సిన మాట లీలగా ముందే వినపడటం లాంటివి అరుదు, వాటి వెంట పడకండి. షెల్‌లో టేపుని హెడ్‌కి ఒత్తే ఫోమ్ ప్యాడ్ ఊడిపోయి ఉంటే మాత్రం పైన చెప్పిన ఏ చెక్కూ సరిగ్గా రాదు, స్క్రూ ముట్టుకునే ముందు క్యాసెట్ తిప్పి అది ఉందో లేదో చూసుకోండి.