పిల్లల ఒంటి మీద పొక్కులు – మూడో పాఠం: ఎక్కడ మొదలై ఎటు పాకాయి?

పోయిన పాఠంలో ఒక్కో మచ్చను దగ్గర నుంచి చూడటం నేర్చుకున్నాం. చదునుగా ఉందా, ఉబ్బిందా, నీరు పట్టిందా అని చూశాం. ఈసారి ఒళ్ళంతా కలిపి చూద్దాం. ఆటలమ్మ, తట్టు, హ్యాండ్ ఫుట్ మౌత్ – ఈ మూడింటినీ ఒక్క క్లోజప్ ఫొటోతో తేల్చబోతే ఎవరైనా పొరబడతారు. మొదట ఎక్కడ కనిపించింది, తర్వాత ఎటు వెళ్ళింది అని అడిగితే మాత్రం చాలావరకు దారి దొరుకుతుంది.

తట్టు పైనుంచి కిందికి దిగుతుంది. మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం ఉన్నాక చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట మచ్చలు వస్తాయి. మర్నాటికి ముఖం, మెడ, ఛాతీ. ఆ తర్వాత కాళ్ళు, పాదాలు. ముఖం మీద మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాళ్ళ మీద విడివిడిగా ఉంటాయి. నీటి పొక్కులు ఉండవు. తగ్గేటప్పుడు కూడా ముఖం మీదే ముందు తగ్గుతుంది.

ఆటలమ్మకు ఒంటి నడిమి భాగం ఇష్టం. పొట్ట, వీపు, ముఖం, మాడు మీద ఎక్కువ. చేతులు, కాళ్ళ చివరికి పోయేకొద్దీ పలుచన. అరచేతుల్లో, అరికాళ్ళలో చాలా తక్కువ. ఇది ఒకేసారి పోయదు, విడతలుగా పోస్తుంది. అందుకే వీపు మీద అరచెయ్యంత చోటులోనే ఎర్ర చుక్క, నీటి పొక్కు, పక్కు కట్టినది మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. దురద ఎక్కువ.

హ్యాండ్ ఫుట్ మౌత్ చివర్ల జబ్బు. నోట్లో నాలుక మీద, బుగ్గల లోపల పుళ్ళు, అరచేతుల్లో, అరికాళ్ళలో కోలగా ఉండే బూడిదరంగు పొక్కులు, పిరుదుల మీద ఎర్రటి గుల్లలు. పిల్లవాడు అన్నం తోసేస్తూ చొల్లు కారుస్తుంటే నోరు చూడాల్సిందే.

ఇక చిక్కు ఎక్కడంటే, కాక్సాకీ ఎ6 అనే వైరస్‌తో వచ్చే రకం ఈ హద్దులు దాటుతుంది. నాలుగేళ్ళ బాబు ఫొటోలు అనుకోండి. మొదటి ఫొటోలో పెదవుల చుట్టూ నీటి పొక్కులు. రెండోదానిలో మోచేతుల మీద, మోకాళ్ళ మీద గుత్తులుగా. "అమ్మవారు పోసింది" అని ఇంట్లో వేపాకు తెచ్చారు. ఇక్కడ తొందరపడకుండా మిగతా చోట్లు అడగాలి. పాపిడి తీసి మాడు ఫొటో తీయిస్తే శుభ్రంగా ఉంది. వీపు మీద రెండు మూడు చుక్కలే. పిరుదులు, తొడల వెనక నిండా ఉన్నాయి. అరికాలి అంచున నొక్కితే నొప్పి పుట్టే రెండు పొక్కులు. పొక్కులన్నీ దాదాపు ఒకే వయసువి. ఆటలమ్మ అయితే మాడూ, వీపూ ఇలా వదిలిపెట్టడం అరుదు. కాబట్టి ఇది హ్యాండ్ ఫుట్ మౌత్ వైపే మొగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత గోళ్ళు ఊడితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. కంగారు అక్కర్లేదు, కొత్త గోళ్ళు వస్తాయి. 2022లో కేరళలో "టొమాటో ఫ్లూ" అని టెన్షన్ పెట్టింది కూడా ఈ కుటుంబపు జబ్బే.

ఫొటోలకు ఒక పెద్ద లోపం ఉంది. మన చామనఛాయ ఒంటి మీద తట్టు ఎర్రగా కాక ముదురు గోధుమరంగులో పడుతుంది, ఫ్లాష్ వేస్తే అదీ మాయమవుతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, వెలుగు పక్క నుంచి పడేలా తీయండి. చెవి వెనక, మాడు, వీపు, పొట్ట, పిరుదులు, రెండు అరచేతులు, రెండు అరికాళ్ళు, టార్చి వేసి నోరు. పన్నెండు గంటల తర్వాత అవే చోట్లు మళ్ళీ తీయండి. పాకిన దారి అప్పుడే తెలుస్తుంది. ఆటలమ్మ టీకా వేయించుకున్న పిల్లల్లో పొక్కులు కొద్దిగానే వచ్చి, నీరు కూడా పట్టకపోవచ్చు. అక్కడ ఈ లెక్క సరిగ్గా పనిచేయదు.

తట్టు అనిపిస్తే ముందు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి, ఎందుకంటే గాలిలో ఇది మిగతా పిల్లలకు చాలా తేలిగ్గా అంటుతుంది. అక్కడ వయసును బట్టి విటమిన్ ఎ రెండు రోజులు వేస్తారు. ఆయాసం, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్, మూత్రం పోయకపోవడం కనిపిస్తే ఏ జబ్బయినా ఫొటోలు పక్కన పెట్టి వెంటనే బయల్దేరండి. ఈ మూడింటిలో దేనికీ పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

అభ్యాసం: ఒక పాపకు నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. ఈ రోజు నుదురు, చెవుల వెనక మచ్చలు, కాళ్ళు శుభ్రం. రేపు ఏ చోటు ఫొటో ముందుగా అడుగుతారు? నాలుగో పాఠంలో నోటి లోపలి ఫొటోలు చూస్తాం.