మూఢంలో బల్బులు పోతాయి, ముహూర్తానికి ఏసీలు ఆగుతాయి: తప్పు ట్యాప్‌దా, కేబుల్‌దా?

పర్లాకిమిడిలో ఒక కల్యాణ మండపం ఉంది. కింద హాలు, వెనక వంటశాల, పైన నాలుగంతస్తుల గదులు. సొంత 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ నుంచి 433 వోల్టులకి దించేది. ఆ యజమాని పాతపట్నం వైపు ఉన్న నాకు ఫోన్ చేసినప్పుడు చెప్పిన ఫిర్యాదులు రెండూ ఒకదానికొకటి పొసగనివి. "మూఢంలో ఒక్క పెళ్లీ ఉండదు బాబూ, ఖాళీ గదుల్లో ఎల్‌ఈడీ బల్బులు వారానికి నాలుగు పోతున్నాయి. ముహూర్తాల రోజున చూస్తే పై అంతస్తులో ఏసీలు ఆగిపోతున్నాయి. పెళ్లివారితో మాటలు పడుతున్నాను."

ఒకే భవనంలో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఇలాంటి చోట నూటికి తొంభై మంది ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజీని మెట్టుమెట్టుగా మార్చే ట్యాప్ హ్యాండిల్ మీద చెయ్యి వేస్తారు. ఇక్కడా అదే జరిగింది. మొదట ట్యాప్ 3లో ఉండేది. ఏసీలు ఆగుతున్నాయని ఒక మేస్త్రి దాన్ని 5కి తిప్పాడు. ఆ సీజను హాయిగా గడిచింది. మూఢం రాగానే బల్బులు పేలడం మొదలైంది. ఇంకో మేస్త్రి వచ్చి మళ్లీ 3కి తెచ్చాడు. మాఘంలో ఏసీలు మళ్లీ ఆగాయి. నేను వెళ్లేసరికి హ్యాండిల్ మళ్లీ 5కి చేరి ఉంది.

ముందు న్యూట్రల్ సంగతి తేల్చుకోవాలి

ట్యాప్ గురించి ఆలోచించే ముందు మూడు ఫేజులనీ న్యూట్రల్‌తో ఒకే సమయంలో కొలవండి. ఒక ఫేజు 265కి ఎగిరి ఇంకోటి 190కి పడి, లోడు మారినప్పుడల్లా అవి అటూ ఇటూ ఊగుతుంటే అది వదులైన న్యూట్రల్. దానికి ట్యాప్‌తో సంబంధం లేదు, ఆ క్షణమే మెయిన్ కట్టేసి లగ్గులు చూడాలి. మూడూ కలిసి పెరిగి, కలిసి తగ్గుతుంటేనే ఈ వ్యాసంలో మిగతాది మీకు పనికొస్తుంది. మండపంలో మూడూ కలిసే కదిలాయి. అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మనే శబ్దం పెళ్లి రాత్రి కన్నా గట్టిగా వినిపించింది. లోడు లేనప్పుడు మోత పెరిగిందంటే కోర్‌లో ఫ్లక్స్ ఎక్కువైనట్టే, అంటే ఆ ట్యాప్‌కి తగిన దానికన్నా ఎక్కువ వోల్టేజీ వస్తున్నట్టే.

కొలత మూడు చోట్ల, రెండు రాత్రులు

11 కేవీ వైపున్న హెచ్‌టీ ప్యానెల్ మీటరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 433 వోల్టుల వైపున్న ఎల్‌టీ బస్‌బార్, అన్నిటికన్నా దూరంగా ఉన్న నాలుగో అంతస్తు ప్యానెల్. ఈ మూడు చోట్లా ఒకే గంటలో రీడింగ్ తీసుకోవాలి. ఒక ఖాళీ రాత్రి రెండు గంటలకి, ఒక పెళ్లి రాత్రి తొమ్మిది గంటలకి తీశాను. పగటి రీడింగ్ ఒక్కటే తీసి నిర్ణయం చేస్తే మేస్త్రులిద్దరూ చేసిన పొరపాటే చేస్తారు.

ఖాళీ రాత్రి 11 కేవీ వైపు 11.2 ఉంది, గదుల్లో ఫేజుకి 268 వోల్టులు. బల్బులు ఎందుకు పోతున్నాయో వేరే చెప్పక్కర్లేదు. పెళ్లి రాత్రి ఊరంతా వాడకం మీద ఉంటుంది కనక 11 కేవీ 10.5కి దిగింది. బస్‌బార్ దగ్గర 244. నాలుగో అంతస్తులో ఆర్ ఫేజు 225. ట్యాప్ 5లో కాబట్టి ఏసీలు నడుస్తున్నాయి. అదే ట్యాప్ 3లో ఉంటే ఎంతో లెక్క ఇలా కట్టొచ్చు:

```
LV = 433 × HV / Tap
Phase V = LV / 1.732
```

HV అంటే 11 కేవీ వైపు రీడింగ్ వోల్టుల్లో, LV అంటే ఎల్‌టీ వోల్టేజీ, Tap అంటే ట్యాప్ అంకె కాదు, దానికి ప్లేటు మీదున్న వోల్టులు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్ ప్లేటు ప్రకారం ట్యాప్ 1 అంటే 11,550 వోల్టులు, 3 అంటే 11,000, 5 అంటే 10,450. మెట్టుకి రెండున్నర శాతం. అంకె పెరిగేకొద్దీ ఎల్‌టీ వోల్టేజీ పెరుగుతుంది. అన్ని కంపెనీలూ ఇదే వరస పాటించవు, మీ ప్లేటు మీరు చూసుకోండి. ట్యాప్ 3లో ఖాళీ రాత్రి 254, పెళ్లి రాత్రి లోడు వల్ల దారిలో పోయే 26 తీసేస్తే నాలుగో అంతస్తులో 212 వస్తుంది. ఆ 212 కూడా నిలకడగా ఉన్నప్పటి మాట. కంప్రెసర్ అందుకునే క్షణంలో అది ఇంకా జారుతుంది, అప్పుడే ఏసీ కట్టవుతుంది.

ఇప్పుడు తేడా చూడండి. ట్యాప్ 5లో 268కీ 225కీ మధ్య 43. ట్యాప్ 3లో 254కీ 212కీ మధ్య 42. ట్యాప్ రెండు అంచులనీ కలిపి పైకో కిందకో జరిపిందే తప్ప వాటి మధ్య దూరం తగ్గించలేదు. నేను మామూలుగా పెట్టుకునే హద్దు ఖాళీగా ఉన్నప్పుడు 245కి మించకూడదు, నిండు లోడులో 215కి దిగకూడదు. అంటే 30 వోల్టుల గుమ్మం. 42 వోల్టుల మంచం అందులోంచి ఎలా తిప్పినా పట్టదు.

ఆ 42 ఎక్కడెక్కడ పోతోంది

ట్యాప్ 3 లెక్కన పంచి చూస్తే ఇలా వచ్చింది. 11 కేవీ సరఫరా 11.2 నుంచి 10.5కి పడటం వల్ల 16 వోల్టులు. అది మన చేతిలో లేదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల 7. బస్‌బార్ నుంచి నాలుగో అంతస్తు దాకా కేబుల్‌లో 19. పెద్ద దొంగ ఎవరో తెలిసిపోయింది.

ఆ కేబుల్ 120 మీటర్ల పొడవు, 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. కట్టినప్పుడు గదుల్లో ఫ్యాన్లూ లైట్లూ మాత్రమే ఉండేవి, దానికి అది చాలు. తర్వాత ఒక్కొక్క గదికీ ఏసీ పెట్టుకుంటూ పోయారు, కేబుల్ జోలికి వెళ్లలేదు. పైగా ఏ ఏసీ ఏ ఫేజు మీద పడిందో ఎవరూ చూడలేదు. టాంగ్ టెస్టర్‌తో చూస్తే ఆర్‌లో 92 ఆంపియర్లు, వైలో 60, బీలో 55. ఈ అసమానం వల్ల న్యూట్రల్‌లో 35 ఆంపియర్లు పారుతున్నాయి. ఆర్ ఫేజు గదులకి వెళ్లేటప్పుడు ఫేజు తీగలో 14 వోల్టులు, తిరిగొచ్చేటప్పుడు న్యూట్రల్‌లో ఇంకో 5 పోతున్నాయి.

యజమాని ఈలోగా కొన్ని ఏసీలకి స్టెబిలైజర్లు కొన్నారు. తప్పు పట్టలేం, కానీ స్టెబిలైజర్ తక్కువ వోల్టేజీని పైకెత్తాలంటే కేబుల్ నుంచి ఎక్కువ కరెంటు లాగాలి. దాంతో కేబుల్‌లో డ్రాప్ పెరిగి, స్టెబిలైజర్ లేని పక్క గది ఇంకా దెబ్బతింటుంది.

పరిష్కారం: ఏది ముందు, ఏది చివర

ముందు ఖర్చు లేని పని. నాలుగో అంతస్తు ప్యానెల్‌లో ఏసీ సర్క్యూట్లు మార్చి మూడు ఫేజులనీ 69 ఆంపియర్ల చుట్టుపక్కలకి తెచ్చాం. ఒక్క పూట పని. 19 వోల్టుల డ్రాప్ పదిన్నరకి వచ్చింది.

తర్వాత కేబుల్. 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వేస్తే పదిన్నర కాస్తా 4కి దిగింది. ఈ మొత్తం పనిలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. నన్నడిగితే స్టెబిలైజర్లకి పెట్టేది దీనికి పెట్టాలి.

ఆ పైన పవర్ ఫ్యాక్టర్. పెళ్లి రాత్రి అది 0.82 ఉండేది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ నాలుగున్నర శాతం, అందులో రియాక్టెన్స్ వాటాయే ఎక్కువ. కాబట్టి లోపలి డ్రాప్‌ని నడిపించేది ముఖ్యంగా రియాక్టివ్ కరెంటే. సుమారు 100 కేవీఏఆర్ కెపాసిటర్లతో 0.97కి తెస్తే లోపలి డ్రాప్ 3 శాతం నుంచి 1.6కి తగ్గింది, అంటే ఇంకో మూడు వోల్టులు. అయితే ఈ బ్యాంకు ఆటోమేటిక్‌గా ఆన్, ఆఫ్ అవ్వాలి. ఖాళీ రాత్రి మొత్తం 100 కేవీఏఆర్‌నీ అలాగే వదిలేస్తే వోల్టేజీ తగ్గడం మాని మూడు వోల్టులకి పైగా పెరుగుతుంది. బల్బుల జబ్బు మళ్లీ మొదలు.

ఇంతదాకా వచ్చాకే ట్యాప్. ఇప్పుడు తేడా 23 చుట్టుపక్కల ఉంది, గుమ్మంలో పడుతుంది. 2లో పెడితే ఖాళీ రాత్రి 248, పెళ్లి రాత్రి నాలుగో అంతస్తులో 225. 1లో పెడితే 242, 220. మేస్త్రి 3 నుంచి 5కి తిప్పిన చోట చివరికి సరిపోయింది 1. ఏసీలు ఆగుతున్నాయన్న ఫిర్యాదుకి వోల్టేజీ తగ్గించే ట్యాప్ పెట్టడమేమిటని యజమాని నన్ను అనుమానంగా చూశారు.

తిప్పేటప్పుడు

ఈ ట్యాప్ స్విచ్‌ని కరెంటు పూర్తిగా లేనప్పుడే తిప్పాలి. లోడు తీసేస్తే చాలదు, హెచ్‌టీ కూడా కట్టవ్వాలి. లైసెన్సున్న మనిషితోనే చేయించండి. ముందు ఎల్‌టీ బ్రేకర్, తర్వాత హెచ్‌టీ, ఆ తర్వాత కరెంటు లేదని చూసి రెండు వైపులా ఎర్త్ చెయ్యడం. మండపాల్లో ప్రాణం మీదకి తెచ్చేది జనరేటర్. కరెంటు పోయిందని వాచ్‌మన్ దాన్ని స్టార్ట్ చేసినప్పుడు చేంజోవర్ సరిగ్గా లేకపోతే ఎల్‌టీ వైపు నుంచి ఎక్కి, హెచ్‌టీలో 11 కేవీ పుడుతుంది. అందుకే జనరేటర్ తాళం చెవి నా జేబులో పెట్టుకుంటాను.

ఏళ్ల తరబడి కదలని స్విచ్ కాంటాక్టుల మీద మసి పొర కడుతుంది. హ్యాండిల్‌ని ఆ కొస నుంచి ఈ కొస దాకా నాలుగైదుసార్లు తిప్పి, కావలసిన అంకె దగ్గర ఆపి, పిన్ను రంధ్రంలో కూర్చుందో లేదో చూసి తాళం వెయ్యాలి. అంకెల మధ్యలో ఆగితే కాంటాక్టు దగ్గర ఆర్క్ వచ్చి వైండింగ్ పోతుంది.

ఛార్జ్ చేసే ముందు ఒక చిన్న పరీక్ష. రెండు వైపులా కేబుళ్లు విప్పి, ఎర్త్‌లు తీసి, హెచ్‌టీ వైపు మూడు ఫేజుల 400 వోల్టులు ఇచ్చి ఎల్‌టీ వైపు ఫేజుల మధ్య కొలవండి. ట్యాప్ 1లో 15.0, 3లో 15.7, 5లో 16.6 రావాలి. మూడు జతల్లోనూ ఒకేలా ఉండాలి. ఒక జత తేడాగా వస్తే ఆ ఫేజులో కాంటాక్టు సరిగ్గా పడలేదు. పొరపాటున కూడా ఆ 400ని ఎల్‌టీ వైపు ఇవ్వకండి, అవతల పది వేల వోల్టులు దాటి పుడుతుంది.

ఎక్కడ ఆగిపోతాం

ట్యాప్ 1 అంటే ఇటువైపు చివరి మెట్టు, ఇంక దించడానికి చోటు లేదు. 1956 నాటి విద్యుత్ నియమాల్లోని 54వ నియమం 11 కేవీలో 6 శాతం పెరుగుదలనీ 9 శాతం తగ్గుదలనీ ఒప్పుకునేది, అంటే 11.66 దాకా. అర్ధరాత్రి సరఫరా ఆ అంచుకి పోతే మండపంలో 252 వస్తుంది. అందుకే హెచ్‌టీ మీటరు పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీయించాను. రాత్రి రెండింటికి 11.3 దాటిన తారీఖులు వాచ్‌మన్ రాసిపెడతాడు. సబ్‌స్టేషన్‌కి ఉత్తరం రాయాల్సి వస్తే ఆ పేజీలు జత చేస్తాం.